12 కిలోల పాప, 180 మిల్లీగ్రాములు

నేను నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉండగా పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ పడింది. తొమ్మిదో మంచం మీద రెండేళ్ల పాప. సాయంత్రం తూకం వేస్తే సరిగ్గా 12 కిలోలు తూగింది. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుగారు కేస్ షీట్‌లో పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇమ్మని రాసి వెళ్లారు. నేను లెక్క కట్టాను. 12ని 15తో హెచ్చిస్తే 180 మిల్లీగ్రాములు. క్లాసులో మాకు చెప్పిన సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఆ ప్రకారం 7.2 మిల్లీలీటర్లు. సిరంజిలోకి 7.2 తీసుకుని పాప మంచం వైపు నడిచాను.

డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ ఆపారు.

“ఎంత తీశావమ్మా?”

“7.2, సిస్టర్.”

“ఏ సీసాలోంచి?”

ట్రేలో ఉన్న సీసా తెచ్చి చూపించాను. దాని లేబుల్ మీద 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు అని ఉంది. నా హెచ్చవేతా తప్పలేదు, భాగహారమూ తప్పలేదు. అయినా నా చేతిలోని సిరంజిలో 180కి బదులు 360 మిల్లీగ్రాముల మందు ఉంది. ఆవిడ కోప్పడలేదు. సిరంజి ఖాళీ చేయించి, సీసా నా చేతికిచ్చి, లేబుల్ పైకి చదవమన్నారు. చదివి మళ్లీ లెక్క కడితే 3.6 వచ్చింది.

ఇప్పుడు నేనే నర్సింగ్ విద్యార్థులకు మందుల లెక్కలు చెబుతున్నాను. ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్‌సెట్ పరీక్షలోనూ, విదేశాలకు వెళ్లదలచిన మన నర్సులు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షలోనూ ఈ లెక్కలు వస్తాయి. పిల్లలు వీటికి భయపడతారు. గణితం కష్టమని వాళ్ల భయం. ఇందులో ఉన్న గణితం ఏడో తరగతి దాటదు. మన పెద్దలు త్రైరాశికం అన్నది ఇదే: ఇంతకు ఇంతైతే అంతకు ఎంత? తప్పులు జరిగేది లెక్కకు ముందు, అంకెలను ఎక్కడినుంచి తెచ్చుకున్నామన్న దగ్గర. అందుకే క్లాసులో నేను ఒక్క ఆర్డరునే తీసుకుని మొదటినుంచి చివరిదాకా నడిపిస్తాను. అదే 12 కిలోల పాప, అదే పారాసెటమాల్.

ఆర్డరు చేతికి రాగానే మూడు ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ బిడ్డకు మందు ఎంత? ఆ మందు ఎంత ద్రవంలో ఉంది? ఆ ద్రవం ఎంత వేగంతో లోపలికి వెళ్లాలి? మొదటిదానికి జవాబు మిల్లీగ్రాములు, రెండోదానికి మిల్లీలీటర్లు, మూడోదానికి నిమిషానికి చుక్కలు. మొదటి జవాబు పక్కన మిల్లీగ్రాములు అని రాసుకోకుండా రెండో ప్రశ్నలోకి వెళ్లకూడదు. అంకె ఒంటరిగా ఉంటే అది బరువో, కొలతో, వేగమో దాన్ని చూసి చెప్పలేం.

మొదటి ప్రశ్న సులువుగా కనిపిస్తుంది. బరువు 12 కిలోలు, కిలోకు 15, మొత్తం 180 మిల్లీగ్రాములు. అయితే ఆర్డరులోని చివరి మాట మీద చూపు నిలపాలి. “కిలోకు 15 మిల్లీగ్రాములు, ఒక మోతాదుకు” అని ఉందా, లేక “కిలోకు 60 మిల్లీగ్రాములు, రోజుకు, నాలుగు భాగాలుగా” అని ఉందా? రెండూ ఒకటే. 12ని 60తో హెచ్చిస్తే 720, నాలుగుతో భాగిస్తే మళ్లీ 180. కానీ “రోజుకు” అన్న ఒక్క మాట దాటేస్తే 720 మిల్లీగ్రాములూ ఒకేసారి బిడ్డ కడుపులోకి వెళ్తాయి. జ్వరం మందుల ఆర్డర్లు ఎక్కువగా మోతాదు చొప్పున ఉంటాయి. యాంటీబయాటిక్స్ చాలావరకు రోజు లెక్కన ఉంటాయి. ఒక పద్ధతికి అలవాటుపడిన కన్ను రెండో పద్ధతిలో రాసినదాన్ని కూడా మొదటిదానిలాగే చదివేస్తుంది. పరీక్ష పేపరులో ఇచ్చే నాలుగు జవాబుల్లో 720ని కూడా పెడతారు. ఆ తప్పుదారిన నడిచినవాళ్లకు తమ జవాబు అక్కడ కనిపిస్తుంది, సరైనదే అనుకుంటారు.

ఇక బరువు. తల్లి చెప్పిన బరువు, పోయిన నెల ఓపీ చీటీ మీది బరువు కాదు, ఇవాళ మన తూకం మీద వచ్చిన బరువు కావాలి. అమెరికా పరీక్షల్లో బిడ్డ బరువు పౌండ్లలో ఇస్తారు. 26.4 పౌండ్లు అంటే దాన్ని 2.2తో భాగించి 12 కిలోలు అని మార్చుకోవాలి. మార్చకుండా 26.4ని 15తో హెచ్చిస్తే 396 వస్తుంది, అంటే రెండింతల పైన. మన ఆసుపత్రుల్లో పౌండ్ల గొడవ లేదు కాబట్టి మన పిల్లలు ఈ మెట్టు దగ్గర తరచుగా జారతారు.

మరో సంగతి కూడా ఉంది. కిలోల లెక్క ఎంత వచ్చినా పెద్దవాళ్ల మోతాదును దాటకూడదు. పారాసెటమాల్‌కు పెద్దవాళ్లలో ఒకసారికి 1 గ్రాము పరిమితి. 80 కిలోల యువకుడికి కిలోకు 15 చొప్పున లెక్క కడితే 1200 మిల్లీగ్రాములు వస్తుంది. అక్కడ లెక్కను పక్కన పెట్టి 1000 దగ్గర ఆగాలి.

రెండో ప్రశ్న దగ్గరే ఆ రాత్రి నేను పొరబడ్డాను. మన మందుల షాపుల్లో పిల్లల పారాసెటమాల్ రకరకాల బలాల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల సిరప్ ఒకటి, 5 మిల్లీలీటర్లకు 250 ఉన్నది ఇంకొకటి. పసిపిల్లల కోసం చిన్న సీసాలో డ్రాపర్‌తో వచ్చే చుక్కల మందు మరొకటి. ఆ డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పసివాళ్లకు ఇచ్చేది కాబట్టి పలచగా ఉంటుందని చాలామంది తల్లులు అనుకుంటారు. అసలు సంగతి దానికి ఎదురు. పసివాడు ఎక్కువ ద్రవం మింగలేడు, ఉమ్మేస్తాడు. అందుకని కొద్ది ద్రవంలో ఎక్కువ మందు పట్టేలా చిక్కగా చేస్తారు.

పాఠ్యపుస్తకాల్లో ఇక్కడ ఒక సూత్రం ఇస్తారు: కావలసిన మందును చేతిలో ఉన్న మందుతో భాగించి, అది కలిసి ఉన్న ద్రవంతో హెచ్చించు. 180ని 125తో భాగించి 5తో హెచ్చిస్తే 7.2. సూత్రంలో లోపమేమీ లేదు. కానీ కంఠతా పట్టినవాళ్లు పరీక్ష హాలులో పైదీ కిందదీ తారుమారు చేయడం నేను ఏటా చూస్తున్నాను. అందుకే నేను ఇంకో దారి చెబుతాను. ముందు లేబుల్ చదివి, ఒక్క మిల్లీలీటరులో ఎంత మందు ఉందో తేల్చుకోండి. 5లో 125 అయితే ఒక్కదానిలో 25. ఇక 180లో 25లు ఎన్ని? 7.2. రెండో సీసాలో ఒక్క మిల్లీలీటరుకు 50, కాబట్టి 3.6. డ్రాప్స్‌లో 100, కాబట్టి 1.8. ఇలా చేస్తే ఏ సీసా ఎంత చిక్కనో కూడా కంటికి కడుతుంది. 25, 50, 100. ఒకటే మందు, ఒకటే పాప, ఒకటే 180 మిల్లీగ్రాములు. ద్రవం మాత్రం 7.2 నుంచి 1.8 దాకా నాలుగింతల తేడా.

ఈ నాలుగింతల తేడా ఇళ్లలో ఎంత చేటు చేయగలదో ఆలోచించండి. సిరప్ అయిపోయింది, పక్కింట్లో డ్రాప్స్ సీసా ఉంది, “పోయినసారి 7 మిల్లీలీటర్లు పట్టమన్నారు” అని అదే కొలత పట్టేస్తే దాదాపు 700 మిల్లీగ్రాములు వెళ్లిపోతాయి. అమెరికాలో ఇలాంటి పొరపాట్లు జరుగుతుండటం వల్లనే 2011లో తయారీదారులు పసిపిల్లల చిక్కటి డ్రాప్స్‌ను మానుకుని, పిల్లలందరి ద్రవ పారాసెటమాల్‌నూ 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములన్న ఒకే బలానికి మార్చడం మొదలుపెట్టారు. మన దగ్గర ఈ రకాలన్నీ ఒకే షాపులో పక్కపక్కన ఉంటాయి. అందుకే ఇంట్లో వాడేవాళ్లకు కూడా నా మనవి ఒకటే. డాక్టరు “5 ఎంఎల్ పట్టండి” అంటే, ఏ సీసాలోది అని అడిగి చీటీ మీద రాయించుకోండి. పట్టేటప్పుడు సీసాతో వచ్చిన కొలత మూతతోగానీ సూదిలేని సిరంజితోగానీ పట్టండి. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో లోతు ఉంటాయి.

పారాసెటమాల్‌తో ప్రమాదం ఏమిటంటే, ఎక్కువైనా వెంటనే తెలియదు. జ్వరం తగ్గుతుంది, బిడ్డ ఆడుకుంటుంది. దెబ్బ తగిలేది కాలేయానికి. అది ఒకటి రెండు రోజులకు గానీ పైకి కనిపించదు. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ తొందరగా ఇచ్చినప్పుడే బాగా పనిచేస్తుంది. అందుకని ఎక్కువ పట్టామన్న అనుమానం వచ్చిన క్షణమే, బిడ్డ హుషారుగా ఉన్నా సరే, సీసాతో సహా ఆసుపత్రికి రావాలి. నర్సు అయితే తప్పు దాచకుండా డాక్టరుకు వెంటనే చెప్పాలి. ఆ గంటలు విలువైనవి.

ఇక మూడో ప్రశ్న. అదే పాప వాంతులు చేసుకుంటోంది, నోటితో ఏదీ నిలవడం లేదు. డాక్టరు అదే మోతాదును సెలైన్ మాదిరిగా నరంలోకి 15 నిమిషాల్లో ఎక్కించమన్నారు. నరంలోకి ఇచ్చే పారాసెటమాల్ 100 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది, అందులో మొత్తం 1000 మిల్లీగ్రాములు. అంటే ఒక్క మిల్లీలీటరుకు 10. పాపకు కావలసింది 180, కాబట్టి 18 మిల్లీలీటర్లు.

ఈ 10 అనే అంకె చూడటానికి ఎంతో సౌకర్యంగా ఉంటుంది. సున్నా తీసేస్తే చాలు. ప్రమాదం కూడా అందులోనే ఉంది. సున్నా తీయడం మరిచిపోతే పదింతలు. 2010లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ సరిగ్గా ఈ విషయం మీదే హెచ్చరిక పంపింది. పసికందులకు నరంలోకి పారాసెటమాల్ ఇచ్చేటప్పుడు మిల్లీగ్రాములకూ మిల్లీలీటర్లకూ మధ్య తికమకపడి పదింతలు ఎక్కించిన సంఘటనలు వారి దృష్టికి వచ్చాయి. ఎలా జరుగుతుందో చూడండి. 5 కిలోల పసివాడు ఉన్నాడు. 10 కిలోలలోపు పిల్లలకు ఈ మందు నరంలోకి కిలోకు 7.5 మిల్లీగ్రాములే. అంటే 37.5 మిల్లీగ్రాములు, ద్రవంగా 3.75 మిల్లీలీటర్లు. కేస్ షీట్‌లో 37.5 అని ఉంది. రాత్రి మూడు గంటల వేళ నిద్రకళ్లతో ఉన్న నర్సు ఆ 37.5ని నేరుగా మిల్లీలీటర్లుగా తీసుకుంటే 375 మిల్లీగ్రాములు వెళ్తాయి. సీసాలో 100 మిల్లీలీటర్లు ఉంది కాబట్టి మందు అయిపోయి ఆగడమంటూ ఉండదు. ఏదీ చేతిని అడ్డుకోదు.

అందుకే చిన్నపిల్లలకు ఆ సీసాను అలాగే స్టాండుకు వేలాడదీయకూడదు. కావలసిన 18 మిల్లీలీటర్లు మాత్రం సిరంజితో తీసి, గీతలు ఉన్న కొలత గొట్టం కలిగిన సెట్‌లో పోస్తారు. వార్డులో దాన్ని బ్యూరెట్ సెట్ అంటారు. వేగం సర్దే చక్రం ఎవరి చేయి తగిలి తిరిగిపోయినా 18కి మించి పాపలోకి వెళ్లడానికి అందులో ఉండదు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. బ్యూరెట్ ఖాళీ అయినంత మాత్రాన మందు పాపకు చేరినట్టు కాదు, చెప్పుకోదగ్గ భాగం కింది ట్యూబులో నిలిచి ఉంటుంది. తర్వాత కొద్దిగా సెలైన్ వదిలి ఆ మిగిలినదాన్ని కూడా లోపలికి పంపుతారు. పరీక్ష లెక్కలో ఈ ట్యూబు రాదు. వార్డులో దీన్ని మరిచిపోతే పాపకు సగం మోతాదే అంది, “మందు పనిచేయలేదు” అని రాసే పరిస్థితి వస్తుంది.

ఇప్పుడు చుక్కలు. సెలైన్ సెట్‌లో సీసా కింద చిన్న పారదర్శకమైన గది ఉంటుంది, అందులో చుక్కలు పడటం కనిపిస్తుంది. చుక్క ఎంత పెద్దదనేది పైనున్న సన్నని రంధ్రం మీద ఆధారపడుతుంది. మన దగ్గర మామూలు సెట్లలో సాధారణంగా 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. మైక్రో సెట్‌లో 60 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. 15 చుక్కల సెట్లు కూడా ఉన్నాయి. ఏ సెట్ ఏదో దాని కవరు మీద అచ్చువేసి ఉంటుంది. కవరు చింపి పారేసేముందు చదవాలి. సీసా లేబుల్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

మామూలు సెట్‌తో మొదలుపెడదాం. 18 మిల్లీలీటర్లకు 20 చొప్పున 360 చుక్కలు. అవి 15 నిమిషాల్లో పడాలి. నిమిషానికి 24. మైక్రో సెట్ అయితే 18కి 60 చొప్పున 1080 చుక్కలు, 15తో భాగిస్తే నిమిషానికి 72. రెండిట్లోనూ పాపకు వెళ్లే ద్రవం ఒకటే. నేను క్లాసులో సూత్రం రాయను. ముందు మొత్తం చుక్కలు ఎన్నో అడుగుతాను, తర్వాత ఎన్ని నిమిషాలో అడుగుతాను. “360 చుక్కలను 15 నిమిషాలకు పంచండి” అంటే వెనకబెంచీ అమ్మాయి కూడా చెప్పేస్తుంది.

ఇందులో తరచుగా జరిగే తప్పు కాలంలో ఉంటుంది. ఆర్డరులో “8 గంటల్లో” అని ఉంటే 480 నిమిషాలుగా మార్చాలి. మార్చకుండా 8తో భాగిస్తే వచ్చేవి గంటకు పడే చుక్కలు. ఆ అంకె నిమిషానికి అనుకుంటే అరవై రెట్లు తేడా. ఇలాంటి తప్పు కాగితం మీద దాక్కోదు. నిమిషానికి 1200 చుక్కలని జవాబు వచ్చిందంటే, ఆ గదిలో చుక్కలుగా కాదు, ధారగా పడాలి. మనిషి కన్ను ఎంచగలిగేది సుమారు నూరు వరకు, అదీ కష్టం మీద.

మైక్రో సెట్‌లో ఒక అందమైన వెసులుబాటు ఉంది, దీన్ని పిల్లలు కనిపెట్టినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. గంటకు 60 నిమిషాలు, మిల్లీలీటరుకు 60 చుక్కలు. రెండు అరవైలూ కొట్టుకుపోతాయి. కాబట్టి మైక్రో సెట్‌లో గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. మన 18 మిల్లీలీటర్లు పావుగంటలో వెళ్తోంది అంటే గంటకు 72 వేగం. నిమిషానికి 72 చుక్కలు. మరో లెక్క అక్కర్లేదు. కానీ ఇది 60 చుక్కల సెట్‌కే చెల్లుతుంది. 20 చుక్కల సెట్‌కు దీన్ని వాడితే వేగం మూడింతలవుతుంది.

వార్డులో చుక్కలు ఎంచేటప్పుడు గడియారం ముల్లు పక్కన పెట్టుకుని 15 సెకన్లు చూస్తాం. 24 కావాలంటే 15 సెకన్లకు 6 పడాలి. చక్రం సర్ది, మళ్లీ చూసి, కొద్దిసేపటికి ఇంకోసారి చూడాలి. ఎందుకంటే ఈ పద్ధతి భూమ్యాకర్షణ మీద నడుస్తుంది. పాప చేయి మడిచినా, తల్లి ఒళ్లోకి తీసుకున్నా, స్టాండు ఎత్తు మారినా వేగం మారుతుంది. సెట్ తయారీ ప్రమాణంలోనే 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు అన్నది నీటితో కొలిచి, పదో వంతు అటూ ఇటూ ఒప్పుకున్నది. కాబట్టి 24 చుక్కలు అని మనం తేల్చిన అంకె కచ్చితంగా కనిపించినా లోపలికి వెళ్లేది సుమారుగానే. పారాసెటమాల్‌కు ఆ సుమారు సరిపోతుంది. 15 నిమిషాలకు బదులు 17 పట్టినా నష్టం లేదు.

సరిపోని మందులు ఉన్నాయి. డోపమైన్ అలాంటిది. బీపీ పడిపోయినప్పుడు ఇస్తారు. దాని ఆర్డరు మిల్లీగ్రాముల్లో ఉండదు, మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అదీ కిలోకు, నిమిషానికి. పిల్లలు పరీక్షలో వదిలేసే ప్రశ్న ఇదే. నిజానికి మన మూడు ప్రశ్నలే ఇక్కడా, ఒక్కో మెట్టు కొంచెం పొడవు.

50 కిలోల మనిషికి కిలోకు 5 మైక్రోగ్రాములు, ప్రతి నిమిషం. 50ని 5తో హెచ్చిస్తే నిమిషానికి 250 మైక్రోగ్రాములు. గంటకు కావాలి కాబట్టి 60తో హెచ్చిస్తే 15,000 మైక్రోగ్రాములు. వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము, కాబట్టి గంటకు 15 మిల్లీగ్రాములు. ఇక్కడితో మొదటి ప్రశ్న అయిపోయింది. గంటకు 15 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలతో రాసుకుని ఊపిరి పీల్చుకోండి.

డోపమైన్ ఆంపూల్‌లో 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ప్రశ్నలో దాన్ని 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపారని ఇచ్చారనుకుందాం. ఒక్క మిల్లీలీటరులో 0.4 మిల్లీగ్రాము. ఆంపూల్‌లోని 5 కూడా కలిస్తే 505 కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. నిజమే, కానీ నూటికి ఒక వంతు తేడాను ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. అదే 20 మిల్లీలీటర్లలో 5 కలిపితే తీసుకోవాల్సిందే. ఇప్పుడు 15లో 0.4లు ఎన్ని? 37.5. గంటకు 37.5 మిల్లీలీటర్లు. మైక్రో సెట్ అయితే నిమిషానికి 37.5 చుక్కలు. అర చుక్క ఉండదు కాబట్టి 38 అని రాస్తాం. అడ్డదిడ్డంగా గుండ్రం చేయకుండా, ప్రశ్న చివర ఎన్ని దశాంశాల వరకు అడిగారో చూసి, మధ్యలో కాక చివరి మెట్టులోనే గుండ్రం చేయాలి.

ఇది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? వెనక్కి నడవాలి. సీసాలో 200 మిల్లీగ్రాములు ఉంది, గంటకు 15 ఖర్చవుతోంది. 13 గంటల పైచిలుకు వస్తుంది. మరో వైపునుంచి చూస్తే సీసాలో 500 మిల్లీలీటర్లు, గంటకు 37.5 ఖర్చు. అదీ 13 గంటల పైచిలుకే. రెండు దారులూ ఒకే చోట కలిశాయి కాబట్టి మధ్యలో ఎక్కడా సున్నా జారలేదని తెలుస్తుంది. 60తో హెచ్చించడం మరిచిపోయి ఉంటే గంటకు పావు మిల్లీగ్రామే వచ్చేది. ఆ వేగంతో సీసా నెలరోజులకు పైగా నడవాలి. ఒక సీసా నెల నడుస్తుందని ఏ నర్సూ ఒప్పుకోదు. సిరప్ దగ్గరా ఇదే పద్ధతి: 7.2ని 25తో హెచ్చిస్తే 180, దాన్ని 12తో భాగిస్తే 15, ఆర్డరులో ఉన్నది 15. కంటి అంచనా కూడా పనికొస్తుంది. ఒక మోతాదుకు ఆంపూల్ ఒకటి, రెండు పగలగొట్టడం మామూలు. ఐదో ఆంపూల్ పగలగొడుతున్నావంటే చేయి ఆపి ఆర్డరు మళ్లీ చదవాలి.

డోపమైన్ వంటి మందును ఇప్పుడు చాలాచోట్ల పంపు మీదే పెడతారు. 200 మిల్లీగ్రాములను 50 మిల్లీలీటర్ల సిరంజిలో కలిపితే మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాములు, గంటకు 3.75 వేగం. పంపు ఆ 3.75ను చేయి మడిచినా, మంచం కదిలినా సరిగ్గా పంపుతుంది. కానీ సిరంజిలో మందు ఎంత కలిసిందో దానికి తెలియదు. 500 సీసా లెక్కతో వచ్చిన 37.5ను అలవాటుగా 50 సిరంజి పంపు మీద నొక్కితే అదీ అంతే కచ్చితంగా పదింతలు పంపుతుంది. మైక్రోగ్రాముకు చేతిరాతలో వాడే గ్రీకు అక్షరం తొందరలో మిల్లీగ్రాములా కనిపిస్తుంది, అక్కడ తేడా వెయ్యింతలు. అందుకే దాన్ని పూర్తిగా రాయమంటారు. అర అని రాయాలంటే ముందు సున్నా పెట్టి 0.5 అనే రాయాలి, లేకపోతే చుక్క చెరిగి 5 అయిపోతుంది. 5 అని రాయాలంటే వెనక చుక్కా సున్నా పెట్టకూడదు, పెడితే 50 అయిపోతుంది.

ఇలాంటి మందుల దగ్గర ఇద్దరు నర్సులు సరిచూడాలని నియమం. దాన్ని చాలామంది చేసే తీరు మాత్రం నాకు నచ్చదు. “37.5 కదా సిస్టర్?” “అవునమ్మా.” ఇది సరిచూడటం కాదు. జవాబు చెవిన పడ్డాక రెండోవాళ్ల లెక్క దానివైపే వంగుతుంది. నా విద్యార్థులను నేను వేరే పద్ధతిలో నడిపిస్తాను. కేస్ షీట్, ఆంపూల్, సెట్ కవరు ట్రేలో పెట్టి రెండో సిస్టర్ ముందు ఉంచాలి. మన కాగితం బోర్లించి పెట్టాలి. ఆవిడ తన కాగితం మీద బరువు దగ్గరనుంచి మొదలుపెట్టి తన అంకె తాను తేవాలి. తెచ్చాకే మన కాగితం తిప్పాలి. రెండూ కలిస్తే చార్టులో 37.5 ఒక్కటే రాయకుండా, దాని పక్కన 500లో 200 అని కూడా రాయాలి. ఆ రాత్రి పెద్ద సిస్టర్ నా చేత పాప చార్టులో రాయించింది అలాగే: 3.6 మిల్లీలీటర్లు, 250 సీసా.